పార్లమెంటరీ, అధ్యక్ష తరహా ప్రభుత్వాల పోలిక: డిగ్రీ రాజనీతిశాస్త్రం వ్యాస జవాబు

ప్రశ్న: పార్లమెంటరీ, అధ్యక్ష తరహా ప్రభుత్వాల మధ్య తేడాలను ఉదాహరణలతో వివరించి, వాటి గుణదోషాలను చర్చించండి.

1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం పెట్టిన విశ్వాస తీర్మానానికి అనుకూలంగా 269 ఓట్లు, వ్యతిరేకంగా 270 ఓట్లు వచ్చాయి. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. అంతకు 131 ఏళ్ల ముందు, 1868 మే 16న, అమెరికా సెనేట్‌లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ అభిశంసనపై ఓటింగ్ జరిగింది. ఆయన దోషి అన్నవాళ్లు 35 మంది, కాదన్నవాళ్లు 19 మంది. సభలో అంతమంది వ్యతిరేకంగా ఉన్నా జాన్సన్ పదవి పోలేదు. తొలగించాలంటే మూడింట రెండొంతుల మంది, అంటే ఆనాటి లెక్కలో 36 మంది కావాలి. ఒక్క ఓటు తక్కువైంది.

ఈ రెండు ఓటింగ్‌లలో సభ వేసుకున్న ప్రశ్నలే వేరు. లోక్‌సభ అడిగింది "ఈ ప్రభుత్వం మీద మాకు నమ్మకం ఉందా?" అని. నమ్మకం పోయిందంటే చాలు, నేరం రుజువు చేయక్కర్లేదు. సెనేట్ అడిగింది "ఈ మనిషి పదవి ఊడేంత తప్పు చేశాడా?" అని. పని బాగా చేయలేదన్నది అక్కడ అభియోగం కాదు. రెండు వ్యవస్థల మధ్య మిగతా తేడాలు చాలావరకు దీని నుంచే పుడతాయి: ప్రభుత్వం శాసనసభ నమ్మకం మీద బతుకుతోందా, లేక విడిగా జనం ఇచ్చిన గడువు మీద బతుకుతోందా?

పార్లమెంటరీ వ్యవస్థలో కార్యనిర్వాహక వర్గం శాసనసభలోంచే వస్తుంది, దానికే జవాబు చెబుతుంది. భారత రాజ్యాంగం 75(3) అధికరణం ప్రకారం మంత్రిమండలి సమష్టిగా లోక్‌సభకు బాధ్యత వహిస్తుంది. సభ్యుడు కాని వ్యక్తిని మంత్రిని చేయవచ్చు కానీ, ఆరు నెలల్లోగా ఏదో ఒక సభలో సభ్యుడు కాకపోతే పదవి పోతుంది. అమెరికాలో నిబంధన దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది: కాంగ్రెస్ సభ్యులుగా ఉంటూ మంత్రి పదవి చేయడానికి వీల్లేదు. 2009లో విదేశాంగ మంత్రి కావడానికి హిల్లరీ క్లింటన్ సెనేట్ సీటు వదులుకోవాల్సి వచ్చింది. ఒకచోట సభలో సీటు లేకపోతే మంత్రి పదవి నిలవదు, మరోచోట సీటు వదిలితే గానీ పదవి దక్కదు. అధికారాల కలయిక, అధికారాల విభజన అని మనం చదువుకునే మాటలకు ఆచరణలో అర్థం ఇదే.

దేశాధినేత, ప్రభుత్వాధినేత విషయం పెద్దగా సాగదీయక్కర్లేదు. బ్రిటన్‌లో రాజు, భారత్‌లో రాష్ట్రపతి నామమాత్ర అధినేతలు; వాస్తవ అధికారం ప్రధాని నాయకత్వంలోని మంత్రిమండలిది. అమెరికాలో ఆ రెండు పాత్రలూ అధ్యక్షుడివే. మంత్రులు ఆయన సహాయకులు, నిర్ణయం ఆయనది.

పదవీకాలం దగ్గర తేడా బాగా కనిపిస్తుంది. బ్రిటన్‌లో లిజ్ ట్రస్ 2022 సెప్టెంబరులో ప్రధాని అయ్యారు, అక్టోబరులోనే దిగిపోయారు. సభలో అవిశ్వాస తీర్మానం ఓడిపోలేదు, సార్వత్రిక ఎన్నికలూ రాలేదు. సొంత పార్టీ మద్దతు పోయింది, అంతే. అమెరికాలో అధ్యక్షుడి గడువు నాలుగేళ్లు. 1974లో నిక్సన్ రాజీనామా చేసినప్పుడు కూడా ఎన్నికలు ముందుకు జరగలేదు. ఉపాధ్యక్షుడు ఫోర్డ్ మిగిలిన కాలం పూర్తి చేశారు.

ప్రభుత్వానికీ సభకూ పడకపోతే ఏం జరుగుతుందన్నది ఇంకా ముఖ్యం. పార్లమెంటరీ వ్యవస్థలో దిగువ సభలో బడ్జెట్ ఓడిందంటే ప్రభుత్వం నమ్మకం కోల్పోయినట్టే. కొత్త ప్రభుత్వమో, కొత్త ఎన్నికలో రావాలి. అధ్యక్ష వ్యవస్థలో ఇద్దరికీ జనం ఓటే బలం, కాబట్టి ఒకరినొకరు ఇంటికి పంపలేరు. 2018 డిసెంబరులో సరిహద్దు గోడకు నిధుల విషయంలో అధ్యక్షుడు ట్రంప్‌కూ కాంగ్రెస్‌కూ పట్టుదల పెరిగి, ప్రభుత్వ కార్యాలయాల్లో ఒక భాగం 35 రోజులు మూతపడింది. లక్షల మంది ఉద్యోగులకు ఆ రోజుల్లో జీతం అందలేదు. వాళ్ల ఇళ్లలో టెన్షన్ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఈ ప్రతిష్టంభన అధ్యక్ష వ్యవస్థ పెద్ద లోపమని నా అభిప్రాయం.

అలాగని ఆ విభజన వృథా కాదు. అధ్యక్షుడు బిల్లును వీటో చేయగలడు; ఉభయ సభలూ మూడింట రెండొంతుల మెజారిటీతో ఆ వీటోను తోసిపుచ్చగలవు. మంత్రుల, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల నియామకాలకు సెనేట్ ఆమోదం కావాలి. సభ్యుడి ఓటు మీద ప్రభుత్వం బతుకు ఆధారపడి లేదు కాబట్టి, సొంత పార్టీ అధ్యక్షుడి బిల్లును కూడా నిర్భయంగా వ్యతిరేకించవచ్చు.

ఈ విషయంలో పార్లమెంటరీ వ్యవస్థ గురించి ఒక మాట నిజాయతీగా చెప్పుకోవాలి. శాసనసభ ప్రభుత్వాన్ని అదుపులో ఉంచుతుందని పాఠ్యపుస్తకాల్లో చదువుతాం. సంకీర్ణాల కాలంలో అది నిజం. కానీ ఒకే పార్టీకి భారీ మెజారిటీ వస్తే వ్యవహారం తిరగబడుతుంది, ప్రభుత్వమే సభను అదుపు చేస్తుంది. భారత్‌లో 1985లో 52వ సవరణ ద్వారా పదో షెడ్యూల్ చేరాక, విప్‌ను ధిక్కరించిన సభ్యుడికి అనర్హత ముప్పు వచ్చింది. ఫిరాయింపులను అరికట్టడానికి అది అవసరమైందన్న మాట కాదనలేం. అయితే ప్రభుత్వాన్ని రోజూ నిలదీయాల్సిన సభ్యుడి నోటికి అదే తాళం వేసింది. ప్రశ్నోత్తరాల సమయం, వాయిదా తీర్మానాలు, స్థాయీ సంఘాలు ఇంకా ఉన్నాయి. వాటి పదును మాత్రం సభలోని సంఖ్యలను బట్టి మారుతుంది.

భారత్ దేన్ని ఎంచుకుంది, ఎందుకు? 1948 నవంబరు 4న ముసాయిదా రాజ్యాంగాన్ని ప్రవేశపెడుతూ అంబేడ్కర్ దీనికి సూటిగా జవాబిచ్చారు. ప్రజాస్వామ్య ప్రభుత్వానికి స్థిరత్వం కావాలి, బాధ్యత కావాలి. రెండింటినీ సమానంగా ఇచ్చే వ్యవస్థ ఇంతవరకు దొరకలేదన్నారు. అమెరికా పద్ధతిలో స్థిరత్వం ఎక్కువ, బ్రిటన్ పద్ధతిలో బాధ్యత ఎక్కువ. అమెరికాలో ప్రభుత్వ పనితీరుపై తీర్పు గడువుకొకసారి వస్తుంది. పార్లమెంటరీ వ్యవస్థలో సభ్యులు రోజూ, ఓటర్లు ఎన్నికలప్పుడూ తూకం వేస్తారు. ఆ రోజువారీ తూకం కోసమే ముసాయిదా బాధ్యత వైపు మొగ్గింది. 1999లో ఒక్క ఓటుతో ప్రభుత్వం పోవడం ఆ ఎంపికకు మనం కట్టిన ధర. నా దృష్టిలో అది కట్టదగిన ధరే.

ఆ ధరను తగ్గించే మార్గం జర్మనీ చూపించింది. అక్కడ ఛాన్సలర్‌ను దించాలంటే, ఆయన స్థానంలో ఎవరు వస్తారో సభ అదే ఓటులో తేల్చాలి. 1982లో హెల్ముట్ ష్మిత్‌ను దించి హెల్ముట్ కోల్‌ను ఎన్నుకున్నది ఇలాగే. కూల్చేవాళ్లు కట్టడానికి కూడా సిద్ధపడాలన్నమాట.

అన్ని దేశాలూ ఈ రెండు గదుల్లో చక్కగా ఇమడవు. ఫ్రాన్స్‌లో 1958 రాజ్యాంగం కింద అధ్యక్షుడూ బలవంతుడే, సభకు జవాబుదారీగా ఉండే ప్రధానీ ఉంటాడు. 1986లో సోషలిస్టు అధ్యక్షుడు మిత్తరాఁ, ప్రత్యర్థి పార్టీకి చెందిన ప్రధాని షిరాక్‌తో కలిసి పాలించాల్సి వచ్చింది. ఇలాంటిదాన్ని అర్ధ అధ్యక్ష వ్యవస్థ అంటారు. దక్షిణాఫ్రికాలో ప్రభుత్వాధినేత పేరు అధ్యక్షుడే. పేరు చూసి చాలామంది పొరబడి అమెరికా సరసన రాసేస్తారు. కానీ ఆయన్ను ఎన్నుకునేది జాతీయ అసెంబ్లీ. మొత్తం సభ్యుల్లో సగానికి పైగా ఓటేసి అవిశ్వాసం నెగ్గితే ఆయన, మంత్రివర్గం దిగిపోవాలి. నేరం రుజువు కానక్కర్లేదు, నమ్మకం పోతే చాలు.