సగం కప్పులు

ఫైనలియర్‌లో ఉండగా వాసూ, నేనూ కలిసి కాఫీ బండి పెట్టాం. పేరుకి బండే గానీ, దాని మూడు చక్రాలు ఒక సైజు, నాలుగోది ఏదో పాత స్కూటర్‌ది. ఆ మూల ఎప్పుడూ కిందికి వాలి ఉండేది. కింద ఇటుక పెడితేగానీ పాలగిన్నె నిలిచేది కాదు. పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా బండి, పదింటికి క్లాసు. వెనక బెంచీలో కూర్చున్నా మా దగ్గర కాఫీ వాసన వస్తోందని అందరూ వెనక్కి తిరిగేవాళ్ళు.

పొయ్యి వాసుది, సంచీ నాది. అంటే కాఫీ పెట్టేది వాడు, కొనేదీ లెక్క రాసేదీ నేను. వాడికి లెక్కలంటే పడదు, నాకు పాలు కాచడం చేతకాదు. అలా కుదిరింది.

మొదటి పదిరోజులు గిరాకీ మేం అనుకున్నదానికన్నా బాగానే వచ్చింది. రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్ బోణీ చేసేవాడు. తర్వాత ఓ నర్సమ్మ, వాకింగ్‌కొచ్చే పెద్దాయన, పేపర్లు వేసే కుర్రాళ్ళు. నర్సమ్మ కప్పు రెండు చేతుల్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని మొదటి గుక్క తాగేది. వాసు అది చూడనట్టు నటిస్తూ చూసేవాడు.

నాకు మాత్రం నోట్‌బుక్‌లో ఒక అంకె మింగుడుపడేది కాదు. మా దగ్గర రెండు పెద్ద ఫిల్టర్లు. ఒక్కోదానిలో 200 గ్రాముల పొడి, లీటరు నీళ్ళు. దిగే డికాషన్ మాత్రం 600 మిల్లీలీటర్లకి మించదు. మిగతాదంతా పొడే తాగేస్తుంది. కప్పుకి 25 మిల్లీలీటర్లు వేస్తే ఫిల్టర్‌కి 24 కప్పులు. అంతే. ఈ పొడినే ఇంకొంచెం పిండుకోలేమా అని నా బాధ.

ఆ వారం గింజలు పట్టించడానికి వెళ్ళినప్పుడు మిల్లతను అలవాటు ప్రకారం "బరకగానేగా?" అన్నాడు. "కాదు, ఈసారి బాగా మెత్తగా పట్టండి" అన్నాను. పొడి మెత్తనైతే సారం ఎక్కువ దిగుతుంది, కప్పుకి ఐదు మిల్లీలీటర్లు తగ్గించినా ఎవరికీ తెలియదు, ఇదీ నా లెక్క. వాసుతో అనలేదు. లాభం కనపడ్డాక చెబుదామనుకున్నాను.

మర్నాడు నాలుగున్నరకి ఫిల్టర్లలో నీళ్ళు పోశాం. మామూలుగా నలభై నిమిషాల్లో దిగిపోవాలి. ఐదున్నరకి మూత తీస్తే నీళ్ళు పోసినవి పోసినట్టే పైన నిలబడి ఉన్నాయి. కింది గిన్నెలో అడుగు తడిసిందంతే. వాచ్‌మన్ వచ్చి నిలబడ్డాడు. వాసు ఫిల్టర్‌ని పక్కనుంచి తట్టాడు. చెంచాతో పొడిని కదిపాడు. పైనుంచి మరుగుతున్న నీళ్ళు ఇంకో గిద్దెడు పోశాడు. ఆరుంపావుకి ఎట్టకేలకు దిగింది. చూడ్డానికి ఎంత బావుందో! తారులా నల్లగా, గిన్నెని పట్టుకుని జారుతూ.

"చూశావా చిక్కదనం," అన్నాను.

వాసు వేలికి అంటించుకుని నాకాడు. మాట్లాడలేదు. నేనూ నాకాను. ముందు చేదు, దాని వెనకే నాలుక చివరంతా పచ్చి వక్క నమిలినట్టు పిడచకట్టుకుపోయింది. అడుగున మట్టిలా సన్నటి పొడి కూడా పేరుకుంది.

"పారబోద్దామా?" అన్నాడు.

బండి ముందు ఏడుగురున్నారు. "చక్కెర అర చెంచా ఎక్కువేయరా, సర్దుకుంటుంది" అన్నాను.

సర్దుకున్నట్టే అనిపించింది. ఒక్కరూ ఏమీ అనలేదు. ఇప్పటికీ నన్ను ఆశ్చర్యపరిచేది అదే. ఒక్కరైనా కప్పు బల్లమీద కొట్టి "ఇదేం కాఫీ బాబూ" అని ఉంటే అక్కడితో ఆగిపోయేవాళ్ళం. డబ్బులిచ్చారు, నవ్వారు, వెళ్ళారు. తొమ్మిదిన్నరకి రెండు ఫిల్టర్లూ ఖాళీ. నేను నోట్‌బుక్ తీసి, వచ్చిన అంకె కింద రెండు గీతలు గీశాను.

బండి సర్దుతూ వాసు చెత్త సంచి ఎత్తాడు. లేవలేదు. మామూలుగా ఖాళీ కప్పులేగా, బొటనవేలికి తగిలించుకుని పోతాడు. ఆరోజు రెండు చేతుల్తో లాగాల్సొచ్చింది. లాగేసరికి అడుగు చిరిగి, గోధుమరంగు కాఫీ అంతా వాడి చెప్పుల మీదుగా రోడ్డు మీదికి పారింది. కప్పులు దొర్లాయి. సగం తాగినవి, గుక్క తాగి వదిలేసినవి. నర్సమ్మ కప్పు సంచిలో కూడా లేదు. చెట్టు మొదట్లో, దాదాపు నిండుగా, మీగడ కట్టి ఉంది.

వాసు గొంతుక్కూర్చుని ఒక్కొక్క కప్పూ ఏరాడు. "పాలు బానే ఉన్నాయి కదరా. కాచింది నేనేగా. నీళ్ళు మారాయా? ఫిల్టర్‌కి సబ్బు మిగిలిందా?" తప్పు తనదేనని వాడు ఒక్కొక్కటే పోగేసుకుంటున్నాడు.

నాకు ఫస్టియర్ ల్యాబ్ గుర్తొచ్చింది. ఆమ్లంలో పాలరాతి ముక్క వేస్తే మెల్లగా బుడగలొస్తాయి, అదే రాయి పొడిచేసి వేస్తే ఒక్కసారిగా పొంగుతుంది. ఉపరితల వైశాల్యం. పది మార్కులకి రాసి పదీ తెచ్చుకున్నాను. మెత్తటి పొడిలోంచి సారం తొందరగా దిగుతుంది, నిజమే. కానీ ఆ పొడే బురదలా ముద్దకట్టి నీళ్ళని గంటన్నరకి పైగా పట్టుకుంటే, మంచిదంతా ముందే వచ్చేసి, తర్వాత చేదూ వగరూ తప్ప దిగేదేముంటుంది? పైగా మేం దాన్ని కదిపి, ఇంకా వేడినీళ్ళు పోసి మరీ లాగాం.

"పొడి నేనే మెత్తగా పట్టించాను," అన్నాను.

వాడు తలెత్తాడు. తిడతాడనుకున్నాను. తిట్టుంటే బావుండేది. "ముందే చెప్పుంటే పొద్దున అంతసేపు దాన్ని పొడిచేవాణ్ణి కాదుగా" అని, చెప్పులు కడుక్కోడానికి పోయాడు. ఆరోజు క్లాసులో వేరే బెంచీలో కూర్చున్నాడు.

మిగిలిన మెత్తటి పొడి రెండు కిలోలు. వాసుకి తెలియకుండా ఓ చిటికెడు బరక పొడిలో కలిపి చూద్దామా అన్న ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం. సాయంత్రం డబ్బా తీసుకెళ్ళి వాడి ముందు పెట్టాను. వాడే దాన్ని మా హాస్టల్ వెనక మొక్కల మొదట్లో పోశాడు.

మర్నాడు వాచ్‌మన్ వచ్చాడు. పెద్దాయన వచ్చాడు. నర్సమ్మ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాలుగో రోజు అవతలి పేవ్‌మెంట్ మీద నడిచి వెళ్తూ కనపడింది. పిలవడానికి మాకు మొహం చెల్లలేదు.

మూడు వారాలకనుకుంటా, గాలికి స్టవ్ సరిగ్గా మండక, ఆ గోరువెచ్చటి నీళ్ళే పోసేశాం. డికాషన్ పల్చగా, పులుపు తిరిగినట్టు దిగింది. వాసు చెంచాడు తాగి, నా వైపు చూడకుండానే గిన్నె ఎత్తి కాలవలో వంచాడు. నలభై ఎనిమిది కప్పులు. నా నోట్‌బుక్ నా చేతిలోనే ఉంది.

"నలభై నిమిషాలు పడుతుందండీ, ఇవాళ కుదర్లేదు" అన్నాను క్యూతో. ఐదుగురు వెళ్ళిపోయారు. పెద్దాయన మాత్రం ఇటుక దగ్గర కూర్చుని, "నిదానంగా పెట్టండి నాయనా, ఆరోజు మాదిరి వద్దు" అన్నాడు.

వాసూ, నేనూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఆయన ఆరోజు కప్పు పూర్తిగా తాగాడు. నాకు బాగా గుర్తు.

తొమ్మిదిన్నరకి వాసు సంచిని బొటనవేలికి తగిలించి గాల్లో ఊపి చూపించాడు. అడుగున ఎక్కడో కొంచెం కాఫీ కదిలిన చప్పుడైంది. దించి, కప్పులన్నీ తీసి చూశాం. ఒక్కటి సగం ఉంది. అది ఎవరిదై ఉంటుందా అని క్లాసులో పాఠం వినకుండా ఆ గంటంతా గుసగుసలాడుకున్నాం.