సన్మాన పత్రం

ముప్పై ఏళ్ల ప్రభుత్వ సేవను నిర్విఘ్నంగా ముగించుకొని నేడు పదవీ విరమణ చేస్తున్న రికార్డు విభాగం సూపరింటెండెంట్ శ్రీ నరసయ్య గారికి రెవెన్యూ కార్యాలయ సహోద్యోగులు సగౌరవంగా సమర్పించుకుంటున్న అభినందన సుమాంజలి.

కర్తవ్యపరాయణా!

1996లో జూనియర్ అసిస్టెంటుగా అడుగుపెట్టిన మీకు ముందు దక్కింది కుర్చీ కాదు, రికార్డు రూము తాళంచెవి. ఎర్రగుడ్డ మూటలు, చెదలు, ఒకే ఒక్క బల్బు. అక్కడికి పంపడమే శిక్ష అనుకునే రోజులవి. ఆ గదిని మీరు దేవాలయం చేశారంటే అతిశయోక్తి అని మీరే కోప్పడతారు. అందుకే ఇంతమాత్రం విన్నవిస్తాం: అడిగిన కాగితం పావుగంటలో చేతికి అందే చోటుగా మార్చారు. 2000 ఆగస్టులో నగరాన్ని వాన ముంచెత్తిన రాత్రి, అటెండరును తోడు పెట్టుకొని తెల్లవార్లూ మూటలను బల్లల మీదికి ఎక్కించిన చేతులు మీవి.

ఉభయభాషా విశారదా!

పాత సేత్వార్లు, 1954-55 నాటి ఖాస్రా పహాణీలు ఉర్దూలో ఉంటే మేమంతా పక్కన పెట్టాం. మీరు మాత్రం నలభయ్యో ఏట పాతబస్తీలో ఒక మౌల్వీ సాబ్ ముందు పలక పట్టి అలిఫ్, బే దిద్దుకున్నారు. ఆ చదువు ఫలం ఒకనాడు మా కళ్లారా చూశాం. తండ్రి భూమి ఆధారం కోసం తిరిగి తిరిగి అలసిన ఒక వృద్ధురాలికి, పెళుసుబారిన పుటలో ఆయన పేరు వెతికి చదివి వినిపించారు. “మా నాయిన పేరు ఇదేనా బిడ్డా?” అంటూ ఆమె, తాను చదవలేని ఆ అక్షరాలను వేలితో నిమిరింది. ఆ పూట ఆఫీసులో ఎవరికీ మాట పెగల్లేదు. తర్వాత ధరణి వచ్చింది, భూభారతి వచ్చింది. కంప్యూటర్ తెర మీద సందేహం కలిగిన ప్రతిసారీ మా అడుగులు మీ గదివైపే నడిచాయి.

స్నేహశీలీ!

వేలు తడిపి పుట తిప్పినవారికి మీ చీవాట్లు, మధ్యాహ్నం అదే మనిషికి మీ డబ్బాలోని గోంగూర పచ్చడి, రెండూ రుచి చూడనివారు ఈ సభలో లేరు.

ఆ పచ్చడి చేసి పంపిన మీ ధర్మపత్నికి మా నమస్సులు. మీ ఆదివారాలను ఎన్నోసార్లు మేమే వాడుకున్నాం, ఆ తప్పును ఆమె పెద్దమనసుతో మన్నించాలి. భగవంతుడు మీ దంపతులకు ఆయురారోగ్య ఐశ్వర్యాలు ప్రసాదించుగాక!

రేపు ఉదయం పదిన్నరకు ఎవరో ఒకరు అర్జీతో వస్తారు. ఏ బీరువా, ఏ అర అని ఫోన్ చేస్తే విసుక్కోకండి.

ఇట్లు,
మీ సహోద్యోగులు
హైదరాబాద్, 30-04-2026