ఈ వారం మన ఇంటి టైమ్ ప్లాన్ (ఫ్రిజ్ మీద)

సోమవారం నుంచి శుక్రవారం దాకా
5.30–7.00: వంట, టిఫిన్, మూడు బాక్సులు. ఈ గంటన్నర నన్ను ఎవరూ పిలవొద్దు. పిల్లల్ని లేపడం, స్నానాలు, జడలు నాన్న పని.
7.00–7.40: టిఫిన్, బూట్లు, స్కూల్ బస్సు. బ్యాగులు రాత్రే సర్దితే ఈ టెన్షన్ ఉండదు.
8.20: తార్నాకలో మెట్రో. రాయదుర్గం దాకా మారే పని లేదు కాబట్టి కూరగాయల లిస్టు, స్కూల్ మెసేజ్‌లు అందులోనే చూసేస్తా.
9.30–5.30: ఆఫీసు. అర్జెంటైతేనే ఫోన్.
4.00–6.45: పిల్లలు అత్తయ్య గారి దగ్గర. పాలు, ఆట. హోంవర్క్ పెట్టొద్దు, ఆవిడ మోకాళ్లకు కాస్త విశ్రాంతి కావాలి.
7.00–8.00: హోంవర్క్. నేను పెద్దదానితో, మీరు చిన్నోడితో. ఫోన్లు టీవీ దగ్గర పెట్టేయాలి.
8.00–9.15: భోజనం, గిన్నెలు, కథ, నిద్ర.

నల్లా సోమ, బుధ, శుక్రవారాల్లో 6 గంటలకు వస్తుంది. డ్రమ్ములు నింపడం మీ పని.

బుధవారం నాకు ఇంటి నుంచే పని. 1.00–1.40 వాషింగ్ మెషిన్. 3.00–4.00 మీటింగ్, తలుపు వేసి ఉంటుంది.

గురువారం పెద్దదానికి లెక్కల పరీక్ష. బుధవారం రాత్రి 7.00–8.30 భిన్నాలు మాత్రమే. పోయినసారి హారాలు సమం చేయకుండానే కూడేసింది, పాపం.

శనివారం 10.00–12.00 ఇల్లు తుడవడం, అందరూ. సాయంత్రం ఇడ్లీ పిండి రుబ్బాలి.

ఆదివారం 7.00 రైతుబజార్. 2.00–5.00 ఏ పనీ పెట్టలేదు. ఆ మూడు గంటలు ఖాళీగానే ఉంచండి, దయచేసి.