దాతల వివరాలను వాలంటీర్లు పరిమితంగా చూసేందుకు అనుమతి కోరుతూ ధర్మకర్తల మండలికి లేఖ

విజయవాడ,
2025 జూన్ 16.

ధర్మకర్తల మండలి అధ్యక్షులకు, కార్యదర్శికి, కోశాధికారికి, సభ్యులకు,

విషయం: దాతల డేటాబేస్‌లో ఎంపిక చేసిన కొన్ని వివరాలను వాలంటీర్లు చూసేందుకు మూడు నెలల పాటు ప్రయోగాత్మకంగా అనుమతి కోరడం.

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారాలు.

దాతల డేటాబేస్‌ను ఆఫీసు సిబ్బంది ఇద్దరు తప్ప మరెవరూ తెరవకూడదన్నది మన ట్రస్టులో మొదటి నుంచీ ఉన్న నియమం. మనల్ని నమ్మి పేరూ చిరునామా పాన్ నంబరూ ఇచ్చినవారి వివరాలు పదిమంది చేతుల్లో పడకూడదన్న దాని ఉద్దేశంతో నాకు పేచీ లేదు. అయితే వాలంటీర్ల పనిని రోజూ చూసే వ్యక్తిగా మండలికి తెలియజేయవలసినది ఒకటి ఉంది: ఆ నియమం కాగితం మీద నిలిచింది గాని, వివరాలు మాత్రం ఆ ఇద్దరి దగ్గరే నిలవలేదు. వాలంటీర్లకు చూసే దారి లేకపోవడం వల్లనే అవి నకళ్లుగా బయటికి వెళ్తున్నాయి. కాబట్టి ఈ ప్రతిపాదనను నియమం సడలింపుగా కాక, దాని ఉద్దేశాన్ని నెరవేర్చే మార్గంగా పరిశీలించవలసిందిగా కోరుతున్నాను.

ప్రస్తుతం జరుగుతున్నది ఇది. ప్రతి నెలా మొదటి వారంలో వాలంటీర్లు విజయవాడలో పటమట, సత్యనారాయణపురం, భవానీపురం ప్రాంతాల దాతలకూ, గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం దాతలకూ ఫోన్లు చేస్తారు. అందుకు జాబితా కావాలి. ఆఫీసు సహాయకురాలు డేటాబేస్ నుంచి ఎక్సెల్ ఫైలు దించి వాట్సాప్‌లో పంపుతారు. అక్కర్లేని గడులను తీసేసి పంపడానికి ఆమెకు తీరిక ఉండదు; ఒకవైపు రసీదులు, మరోవైపు బ్యాంకు పని. ఫలితంగా, ఫోన్ చేయడానికి పేరూ నంబరూ చాలే చోట, దాత పాన్ నంబరు, ఇంటి చిరునామా, ఇచ్చిన మొత్తం, చెక్కు వివరాలు అన్నీ కలిసి వెళ్తున్నాయి. పని అయిపోయిన తరువాత ఆ ఫైలు ఫోన్‌లోనే ఉండిపోతుంది. చదువు పూర్తయి ఉద్యోగానికి హైదరాబాదో బెంగళూరో వెళ్లిన వాలంటీరుతో పాటే అది కూడా వెళ్తుంది. ఎవరి ఫోన్‌లో ఏ నెల ఫైలు ఉందో ఈ రోజు ఎవరూ చెప్పలేరు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలను ముంచెత్తినప్పుడు ఈ పద్ధతి మరింత విస్తరించింది. ఆ వారంలో పాలు, మంచినీళ్లు, మందుల కోసం ఎవరికి వీలైతే వారు దాతలకు ఫోన్ చేశారు. జాబితా చేతులు మారింది. ఆ పరిస్థితిలో అలా చేయడం తప్పని నేను అనను, ఎవరినీ తప్పుపట్టను. కానీ వరద తగ్గాక ఆ నకళ్లను వెనక్కి తెప్పించే పద్ధతి మన దగ్గర లేదు, ఇప్పటికీ లేదు.

మండలి దృష్టికి తేవలసిన సంఘటనలు రెండున్నాయి. మొదటిది ఈ మధ్య గుంటూరులో జరిగింది. మన దాతల్లో చాలామంది పుట్టినరోజుకో, పెళ్లిరోజుకో, తల్లిదండ్రుల వర్ధంతికో అన్నదానానికి డబ్బు కడతారు. ఆ నెల వాలంటీరు చేతికి అందిన ప్రింటులో తేదీ ఉంది గాని సందర్భం లేదు. ఒక పెద్దావిడకు ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పారు. అది ఆమె భర్త పోయిన రోజు. ఆమె కోప్పడలేదు, ఫోన్ పెట్టేశారు. అక్కర్లేనివి అన్నీ వెళ్తున్న ఫైళ్లు ఒకవైపు, అవసరమైన ఒక్క గడి లేని ప్రింటు మరోవైపు. ఎవరికి ఏది చూపాలో మనం ముందుగా నిర్ణయించుకోకపోవడమే రెండింటికీ మూలం.

రెండవది, విజయవాడ దాత ఒకరు తనకు ప్లాట్లు అమ్మేవారి నుంచి వరసగా ఫోన్లు వస్తున్నాయనీ, తాను ఆ నంబరు మన రసీదు పుస్తకంలో తప్ప మరెక్కడా ఇవ్వలేదనీ ఫిర్యాదు చేశారు. ఆ నంబరు మన దగ్గరి నుంచే పోయిందనడానికి రుజువు లేదు. పోలేదని చెప్పేందుకు ఆధారమూ లేదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఈ రెండో విషయమే. ఎవరు, ఎప్పుడు, ఎవరి వివరాలు చూశారో నమోదు కాని చోట, నిజాయితీపరుడైన వాలంటీరు కూడా తన నిజాయితీని చూపించుకోలేడు.

చట్టపరంగా కూడా ఇది తేలిక విషయం కాదు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం లభించింది. నియమాల ముసాయిదాను కేంద్రం ఈ జనవరిలో విడుదల చేసింది. చట్టం పూర్తిగా అమలులోకి వచ్చిన నాడు, సమాచారాన్ని సేకరించిన సంస్థగా తగిన భద్రత కల్పించే బాధ్యత ట్రస్టుదే అవుతుంది. ఆ బాధ్యతలో విఫలమైతే విధించగల జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. మనవంటి చిన్న సంస్థపై అంత పడుతుందని నేను భయపెట్టడం లేదు. అయితే 80జి మినహాయింపు కోసం ప్రతి సంవత్సరం మే 31లోగా ఫారం 10బీడీ సమర్పించవలసి ఉన్నందున, దాతల పాన్ నంబర్లను మనం సేకరించక తప్పదు. సేకరించాక కాపాడక తప్పదు.

నేను కోరుతున్న ఏర్పాటు ఇది. ఫోన్లు చేసే వాలంటీర్లకు తమకు కేటాయించిన దాతల పేరు, ప్రాంతం, ఫోన్ నంబరు, ఫోన్ చేయదగిన వేళ, విరాళం ఏ పనికి ఇచ్చారన్నది, ప్రత్యేక దినం, దాని సందర్భం మాత్రమే కనిపించాలి. రసీదులు ఇళ్లకు చేర్చేవారికి ఆ రోజు చేర్చవలసిన చిరునామాలు మాత్రమే కనిపించాలి, సాయంత్రానికి అవి తొలగిపోవాలి. పాన్, ఆధార్, బ్యాంకు వివరాలు, ఇచ్చిన మొత్తం ఏ వాలంటీరుకూ కనిపించకూడదు. ఇచ్చిన మొత్తాన్ని చూపకపోవడంపై కొందరు వాలంటీర్లు నాతో విభేదించారు. ఎవరు ఎక్కువ ఇచ్చారో తెలిస్తే ముందు వారిని అడగవచ్చని వారి వాదన. నెలకు వంద రూపాయలు పంపే రిటైర్డు టీచరుతో, లక్ష ఇచ్చిన వ్యాపారితో ఒకే గొంతుతో మాట్లాడాలంటే ఆ అంకె తెలియకపోవడమే మేలని నా అభిప్రాయం.

మూడు వర్గాల దాతల పేర్లు వాలంటీర్ల జాబితాలోకి అసలు రాకూడదు. గుప్తదానం చేసినవారు మొదటి వర్గం. ట్రస్టు లెక్కల్లో వారి పేరు ఉన్నా, బయట ఎవరికీ తెలియకూడదన్న షరతుపైనే వారు ఇచ్చారు. తమకు ఫోన్ చేయవద్దని చెప్పినవారు రెండో వర్గం. మూడో వర్గం విదేశాల్లో ఉంటున్నవారు, ఇక్కడ కొంత వివరణ అవసరం. మన ట్రస్టుకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద రిజిస్ట్రేషన్ లేదు. భారత పౌరుడు విదేశంలో తాను సంపాదించుకున్న సొమ్మును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే వ్యక్తి అమెరికా పౌరసత్వం తీసుకున్న తరువాత పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. మన జిల్లాల్లో ఇంటికొకరు అమెరికాలో ఉన్నట్టుగా ఉంటుంది; ఎవరి పాస్‌పోర్టు ఎప్పుడు మారిందో వాలంటీరుకు తెలిసే వీలు లేదు. సదుద్దేశంతో అకౌంటు నంబరు పంపితే చిక్కు మండలికి వస్తుంది. ఈ దాతలతో సంప్రదింపులు కోశాధికారిగారి ద్వారానే జరగాలి.

ఇంకొక గడి ఉంది. అన్నదానం రోజు సంకల్పంలో చదివేందుకు కొందరు గోత్రం రాయిస్తారు. గోత్రం, ఇంటిపేరు కలిస్తే కులం ఊహించడం మన ప్రాంతంలో ఎవరికీ కష్టం కాదు. పూజ జరిపించేవారికి ఆ ఒక్క రోజు చీటీ మీద రాసి ఇస్తే సరిపోతుంది, డేటాబేస్‌లో వాలంటీర్లకు చూపవలసిన పని లేదు.

సాంకేతికంగా ఇందుకు కొత్త సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. మనం వాడుతున్నదానిలోనే వాడకందారుల స్థాయిలను బట్టి గడులను దాచే వీలుందని, ఫైలు దించుకునే, ప్రింటు తీసే సౌకర్యాన్ని ఆపేయవచ్చని, తెరిచిన ప్రతి పేరూ తేదీ, సమయంతో నమోదవుతుందని సరఫరాదారు నాకు చూపించారు. ఐదు అదనపు లాగిన్లకు నెలకు 1,750 రూపాయలు అవుతుంది. ప్రతి వాలంటీరుకు సొంత లాగిన్ ఉంటుంది, ఫోన్‌కు వచ్చే ఓటీపీతో తెరుచుకుంటుంది. ఒకరి లాగిన్ మరొకరు వాడటానికి వీల్లేదు. ఒక్కసారి 40 పేర్లకు మించి కేటాయించము. నంబరు మారిందని దాత చెబితే వాలంటీరు నేరుగా దిద్దలేరు, సవరణ కోరుతూ పంపితే ఆఫీసు సరిచూసి దిద్దుతుంది. పద్దెనిమిదేళ్లు నిండనివారికి లాగిన్ ఇవ్వము. బీమా, చిట్స్, స్థలాల అమ్మకాల వృత్తిలో ఉన్నవారికి కూడా ఈ ఒక్క పని అప్పగించకపోవడం మంచిది. వారిలో ఎంతో సేవ చేస్తున్నవారు ఉన్నారని తెలిసే ఈ మాట రాస్తున్నాను, వంట దగ్గర, పుస్తకాల పంపిణీలో వారి అవసరం ఎప్పటిలాగే ఉంటుంది.

తెర మీద కనిపించేదాన్ని మరో ఫోన్‌తో ఫోటో తీయకుండా ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు. కోశాధికారిగారు ఈ అభ్యంతరం చెబుతారని ఊహిస్తున్నాను, అది న్యాయమైనదే. కాకపోతే ఫోటోలో పడేది పాన్ నంబరు లేని కొద్ది పేర్లు, తెరిచినవారెవరో నమోదై ఉంటుంది. ఇప్పుడు పోయేది మొత్తం ఫైలు, పంపినవారు తప్ప ఎవరూ నమోదు కారు. వాలంటీరు రాతపూర్వకంగా గోప్యతా హామీ ఇచ్చిన తరువాతే లాగిన్ తెరుస్తాము. మానుకున్న రోజే మూసేస్తాము. ఆ బాధ్యత నాది. ప్రతి నెలా నమోదు పట్టికను కార్యదర్శిగారికి అందజేస్తాను.

దీనితో పాటు, అనుమతి వచ్చిన రోజు నుంచి వాట్సాప్‌లో దాతల జాబితా పంపడాన్ని పూర్తిగా నిషేధించాలని, పాత ఫైళ్లను తొలగించినట్టు ప్రతి వాలంటీరు నుంచి సంతకం తీసుకోవాలని కోరుతున్నాను. నిషేధం లేకుండా లాగిన్లు మాత్రమే ఇస్తే రెండు దారులూ తెరిచి ఉంటాయి. అలాగైతే ఈ ప్రతిపాదనను ఆమోదించకపోవడమే నయం.

మండలి అంగీకరిస్తే తీర్మానం ఈ విధంగా ఉండవచ్చు:

“2025 జూలై 15 నుంచి అక్టోబరు 14 వరకు, వాలంటీర్ల సమన్వయకర్త సిఫారసు చేసి కార్యదర్శి ఆమోదించిన ఐదుగురికి మించని వాలంటీర్లకు, 2025 జూన్ 16 నాటి లేఖలో పేర్కొన్న వివరాలను మాత్రమే చూసేందుకు అనుమతి ఇవ్వడమైనది. దాతల వివరాలను ఫైలుగా గాని, ప్రింటుగా గాని, ఫోటోగా గాని ఎవరికీ పంపరాదు. ఉల్లంఘన జరిగినట్టు తెలిసిన వెంటనే కార్యదర్శి ఏ లాగిన్‌నైనా నిలిపివేయవచ్చు.”

ప్రయోగం గుంటూరు శాఖలో ఇద్దరితో, విజయవాడలో ముగ్గురితో మొదలుపెట్టాలని నా ఆలోచన. వర్షాకాలం కావడం వల్ల సహాయం కోసం ఉన్నపళంగా ఫోన్లు చేయవలసిన అవసరం మళ్లీ రావచ్చు కనుక, జూలై మొదటి వారపు సమావేశంలోనే దీన్ని చర్చకు తీసుకోవలసిందిగా మనవి. గోప్యతా హామీ పత్రం నమూనా, వాలంటీరుకు కనిపించబోయే తెర ప్రింటు ఈ లేఖకు జతచేశాను. సరఫరాదారు సమావేశానికి వచ్చి చూపించేందుకు ఒప్పుకున్నారు.

భవదీయురాలు,
వాలంటీర్ల సమన్వయకర్త,
విజయవాడ, గుంటూరు శాఖలు.

ప్రతి: గుంటూరు శాఖ నిర్వాహకులకు.