షాపుల బిల్లులు, లెక్కల కోసం పద్దు యాప్: కొత్త ఖాతాదారుకు మొదటి నెలలో వెళ్లే ఈమెయిళ్లు

జూన్ 3
సబ్జెక్ట్: రమణ గారూ, ముందు ఒక్క బిల్లు వేసి చూడండి

రమణ గారూ, నమస్తే.

తెనాలిలోని మీ ఎలక్ట్రికల్ షాపు పేరు మీద పద్దులో ఖాతా తెరిచారు. సంతోషం. జూలై 2 వరకు అన్ని సౌకర్యాలూ ఉచితం. కార్డు వివరాలేమీ ఇప్పుడు అడగం.

ఒక్క మాట. పాత పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చోవద్దు. కొత్తగా చేరినవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. స్టాకు మొత్తం ఎక్కిద్దాం, రేట్లన్నీ సరిచేద్దాం, ఆదివారం తీరిగ్గా మొదలుపెడదాం అనుకుంటారు. ఆ ఆదివారం ఎప్పటికీ రాదు.

ఇవాళ కౌంటర్‌లో ఎలాగూ రాసే బిల్లు ఒకటి మా యాప్‌లో వేయండి. ఉదాహరణకు, ఎవరో రెండు వైర్ కాయిల్స్ తీసుకున్నారు, ఒక్కోటి పన్ను కాకుండా ₹1,800. "కొత్త బిల్లు" నొక్కి, సరుకు పేరు దగ్గర "వైర్" అని కొడితే హెచ్ఎస్ఎన్ కోడ్ 8544, జీఎస్టీ 18 శాతం అవే వస్తాయి. ₹3,600 మీద సీజీఎస్టీ ₹324, ఎస్జీఎస్టీ ₹324, మొత్తం ₹4,248. ఆ సరుకు, దాని రేటు యాప్‌లో ఉండిపోతాయి. ఈ లెక్కన అమ్మినవి అమ్మినట్టే ఎక్కుతూ పోతాయి. మీ షాపులో బాగా కదిలే సరుకంతా కొద్ది రోజుల్లో దానంతటదే లిస్టులోకి వస్తుంది.

బిల్లు వేసే ముందు చూసుకోవాల్సింది మీ జీఎస్టీ నంబర్ ఒక్కటే. 15 అక్షరాలుండాలి, ఆంధ్రప్రదేశ్ కాబట్టి 37తో మొదలవ్వాలి, ఆ తర్వాతి పది మీ పాన్ నంబరే అయ్యుండాలి. ఇందులో ఒక్క అక్షరం తేడా పడ్డా మీ దగ్గర కొన్న కాంట్రాక్టర్‌కి కట్టిన పన్నును తన పన్నులో తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ దగ్గర చిక్కు రావచ్చు. అప్పుడు ఫోన్ మీకే వస్తుంది.

ఎక్కడైనా ఆగితే ఈ మెయిల్‌కే రిప్లై ఇవ్వండి. చదివేది నేనే.

శ్రీలత
పద్దు, విజయవాడ

---

జూన్ 5
సబ్జెక్ట్: బాకీల పుస్తకంలోంచి పది పేర్లు చాలు

రమణ గారూ,

బిల్లులు వేయడం మొదలుపెట్టారు, చూశాను. రెండో పని బాకీలు. నన్నడిగితే అకౌంటింగ్ యాప్ వల్ల షాపుకి నిజంగా కలిసొచ్చేది ఇక్కడే. బిల్లు ప్రింట్ తీసే యాప్‌లు బోలెడు ఉన్నాయి. ఎవరు ఎంత ఇవ్వాలి, ఎన్నాళ్లుగా ఇవ్వాలి అన్నది వేలు పెట్టి చూపించడం వేరు.

అన్ని పేర్లూ అక్కర్లేదు. పెద్ద బాకీలు ఉన్న పది మందిని తీసుకోండి. "కస్టమర్లు"లోకి వెళ్లి పేరు, ఫోన్ నంబర్, ఇవాళ్టికి ఎంత రావాలో ఆ అంకె, అంతే. పాత బిల్లులు ఒక్కొక్కటీ ఎక్కించనక్కర్లేదు. ఆ అంకె "పాత బాకీ"గా కూర్చుంటుంది, ఇకమీదట ఇచ్చేవి అందులోంచి తగ్గుతూ వస్తాయి.

మీ లైన్‌లో ఒక చిక్కుంది. సరుకు పట్టుకెళ్లేది ఎలక్ట్రీషియన్, డబ్బులివ్వాల్సింది ఇల్లు కట్టిస్తున్నాయన. పుస్తకంలో చాలామంది ఎలక్ట్రీషియన్ పేరే రాస్తారు. మూడు నెలలయ్యాక ఓనర్ "నేను ఆయనకి ఇచ్చేశాను కదా" అంటాడు, ఎలక్ట్రీషియన్ "ఆ సైట్ డబ్బులు నాకు రాలేదు" అంటాడు. మధ్యలో నలిగేది షాపు. అందుకే బిల్లులో కస్టమర్ పేరు దగ్గర ఓనర్ పేరు పెట్టండి, కిందున్న "ఎవరి ద్వారా" అన్న గడిలో ఎలక్ట్రీషియన్ పేరు పెట్టండి. బిల్లు ఓనర్ ఫోన్‌కి అప్పటికప్పుడే వాట్సాప్‌లో వెళ్తుంది. రేపు ఎలక్ట్రీషియన్‌కి లెక్క చూపించాలన్నా, ఆయన పేరు నొక్కితే ఆయన తీసుకెళ్లినవన్నీ ఒకచోట కనిపిస్తాయి.

బాకీ గుర్తుచేసే మెసేజ్ మాత్రం మీరు నొక్కితేనే వెళ్తుంది. తనంతట తాను వెళ్లేలా మేము పెట్టలేదు. ఎవరిని అడగాలో, ఎవరిని పండగ దాకా వదిలేయాలో తెలిసింది మీకే.

శ్రీలత

---

జూన్ 11
సబ్జెక్ట్: సాయంత్రం రద్దీలో బిల్లు వేయడం కుదరట్లేదా?

రమణ గారూ,

నాలుగు రోజులుగా యాప్‌లో బిల్లు పడలేదు. షాపు మూసి ఊరెళ్లి ఉంటే ఈ మెయిల్ వదిలేయండి.

కాకపోతే నా ఊహ ఇది: సాయంత్రం నలుగురు ఒకేసారి నిలబడతారు, ఫోన్‌లో కొట్టే టైమ్ ఉండదు, చెయ్యి మామూలుగా పాత బిల్లు పుస్తకం మీదికే పోతుంది. పోనివ్వండి, తప్పేం లేదు. రెండూ కలిపి నడపొచ్చు.

చూసుకోవాల్సింది బిల్లు నంబర్లు. జీఎస్టీ రూల్ ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకే నంబర్ రెండు బిల్లులకు ఉండకూడదు, వరుస తప్పకూడదు. అయితే ఒకటి కంటే ఎక్కువ సిరీస్‌లు పెట్టుకోవచ్చు. మీ పుస్తకంలో 412, 413 అని వస్తుంటే అలాగే రానివ్వండి. యాప్ బిల్లులకు `P-001` నుంచి మొదలయ్యే సిరీస్ ఇప్పటికే పెట్టి ఉంది. రెండూ ఒకదానికొకటి అడ్డురావు.

ఇక పుస్తకంలో రాసిన బిల్లుల సంగతి. షట్టర్ దించాక "రోజు ముగింపు" తెరవండి. జీఎస్టీ నంబర్ ఉన్నవాళ్ల బిల్లులు మాత్రం విడివిడిగా ఎక్కించండి, రిటర్న్‌లో అవి బిల్లువారీగానే చూపించాలి. బల్బు, ప్లగ్గు కొనుక్కెళ్లిన మామూలు కస్టమర్లవి పన్ను శ్లాబువారీగా కలిపి ఒకే మొత్తంగా వేసినా రిటర్న్‌కి సరిపోతుంది. అలా కలిపి వేస్తే సరుకు నిల్వ లెక్క మాత్రం తగ్గదు. నిల్వ కూడా కావాలంటే సరుకువారీగా వేయాల్సిందే. ఏది కావాలో మీ ఇష్టం. మొదటి నెలలో నిల్వ జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం.

కౌంటర్‌లో ఇంకొకరు ఉంటే వాళ్ల ఫోన్‌లోనూ యాప్ పెట్టుకోవచ్చు. దానికి అదనంగా ఏమీ కట్టక్కర్లేదు. వాళ్లకి బిల్లు వేసే వీలు ఉంటుంది, లాభం లెక్క కనిపించదు.

అసలు ఇబ్బంది ఇది కాదు, ఇంకేదో అయితే ఒక్క ముక్క రాసి పంపండి. "ప్రింటర్ కలవట్లేదు" అన్నా చాలు, మధ్యాహ్నం ఖాళీ సమయంలో ఫోన్ చేసి సరిచేస్తాం.

శ్రీలత

---

జూన్ 17
సబ్జెక్ట్: మీ ఆడిటర్ గారికి ఒక తాళంచెవి

రమణ గారూ,

బిల్లులు మళ్లీ పడుతున్నాయి, థాంక్స్.

చాలా షాపుల్లో నెలాఖరు రాగానే బిల్లులన్నీ సంచిలో వేసి ఆడిటర్ ఆఫీసుకి పంపుతారు. అక్కడ ఎవరో అవన్నీ మళ్లీ టైప్ చేస్తారు. మీరు వేసిందే రెండోసారి వేయడం అన్నమాట. "ఆడిటర్‌ని కలపండి" నొక్కి వారి ఈమెయిల్ ఇవ్వండి. అమ్మకాలు, కొనుగోళ్లు వాళ్లే చూసుకుని ఎక్సెల్‌లో దించుకోవచ్చు. దేన్నీ మార్చలేరు, చెరపలేరు. వద్దనుకున్న రోజు మీరే తీసేయొచ్చు.

కొనుగోలు బిల్లులు కూడా ఈ వారం మొదలుపెట్టండి. ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవాలంటే మీ దగ్గర బిల్లు ఉంటే చాలదు, డీలర్ తన రిటర్న్‌లో దాన్ని చూపించాలి, డీలర్లు చూపించిన బిల్లుల లిస్టు అయిన మీ జీఎస్టీఆర్-2బీలో అది కనిపించాలి. మీరు మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పద్ధతిలో ఉన్నామని రాశారు కాబట్టి ఈ త్రైమాసికపు 2బీ జూలై 14న వస్తుంది. ఆ ఫైల్‌ని పద్దులో వేస్తే, మీ దగ్గరుండి అందులో లేని బిల్లులు ఎర్రగా కనిపిస్తాయి. ఏ డీలర్‌కి ఫోన్ చేయాలో అప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

మే నెల పన్ను చలానా గడువు జూన్ 25. మీ ఆడిటర్ గారు చూస్తూనే ఉంటారు, అయినా ఒకసారి అడగండి.

శ్రీలత

---

జూన్ 28
సబ్జెక్ట్: జూలై 2 తర్వాత ఏమవుతుంది

రమణ గారూ,

ఉచిత గడువు ఇంకో నాలుగు రోజుల్లో ముగుస్తుంది. సంగతి సూటిగా చెప్తాను.

కొనసాగించాలంటే నెలకు ₹400, జీఎస్టీ 18 శాతం కలిపి ₹472. ఏడాదికి ఒకేసారి కడితే ₹4,000, పన్నుతో ₹4,720. నెలవారీతోనే మొదలుపెట్టమంటాను. ఒక త్రైమాసికం రిటర్న్ దీంతో పూర్తిగా దాటాక, బాగుందనిపిస్తే అప్పుడు ఏడాదికి మారండి. మా బిల్లు మీ జీఎస్టీ నంబర్ మీదే వస్తుంది, క్రెడిట్ తీసుకోవచ్చు.

యూపీఐ ఆటోపే పెట్టుకుంటే డబ్బు కోసుకునే ముందు, కనీసం 24 గంటల ముందుగా మీకు మెసేజ్ వస్తుంది. అది రిజర్వ్ బ్యాంక్ నియమం. ఆపాలనుకుంటే మీ యూపీఐ యాప్‌లోంచే ఆపేయొచ్చు, మమ్మల్ని అడగక్కర్లేదు.

కట్టకపోతే? మీ లెక్కలు ఎక్కడికీ పోవు. కొత్త బిల్లు వేయడం ఆగిపోతుంది. పాతవన్నీ చూడొచ్చు, ఎక్సెల్‌లో దించుకోవచ్చు. ఏడాది వరకు అలాగే ఉంచుతాం, తీసేసే ముందు చెప్తాం.

ఇప్పటివరకు మీ ఖాతాలో 11 మంది బాకీదార్లున్నారు. అందులో ముగ్గురు ఈ నెలలో కొంత ఇచ్చారు. ఈ నిర్ణయం తీసుకునే ముందు "బాకీలు" పేజీ ఒకసారి తెరిచి, ఎవరు ఎంత ఇవ్వాలో చూడండి. ఆ పేజీ మీకు పనికొస్తే యాప్ ఉంచుకోండి. రాకపోతే ₹472 దండగ, నేనే చెప్తున్నాను.

శ్రీలత

---

జూలై 6
సబ్జెక్ట్: ఏప్రిల్, మే బిల్లుల సంగతి (13లోపు)

రమణ గారూ,

నెలవారీ ప్లాన్ తీసుకున్నారు, థాంక్స్. వచ్చే ₹472 ఆగస్టు 2న.

ఏప్రిల్ నుంచి జూన్ త్రైమాసికానికి అమ్మకాలు చూపించే జీఎస్టీఆర్-1 గడువు జూలై 13, పన్ను లెక్క తేల్చే జీఎస్టీఆర్-3బీ గడువు మన రాష్ట్రానికి జూలై 22. మీరు పద్దులోకి వచ్చింది జూన్ 3న. అంటే ఏప్రిల్, మే అమ్మకాలు మా దగ్గర లేవు. యాప్‌లో కనిపించే త్రైమాసికం మొత్తాన్ని అలాగే రిటర్న్‌లో వేస్తే అమ్మకాలు తక్కువ చూపించినట్టవుతుంది. ఇది మీకూ ఆడిటర్ గారికీ ఇద్దరికీ ముందే తెలియాలి.

ఈసారికి నా సలహా: ఏప్రిల్, మే లెక్క ఆడిటర్ గారు ఎప్పటిలాగే పుస్తకం నుంచి తీస్తారు. జూన్ లెక్క పద్దులోంచి ఇవ్వండి, "రిపోర్టులు" లోకి వెళ్లి తేదీలు జూన్ 1 నుంచి 30 అని పెట్టి దించండి. జూన్ 1, 2 తేదీల బిల్లులు మీ పుస్తకంలోనే ఉన్నాయి, అవి మర్చిపోవద్దు. జూన్‌లో పుస్తకం మీద రాసినవన్నీ ఎక్కాయో లేదో కూడా బిల్లు నంబర్ల వరుస చూసి సరిచూసుకోండి. నాకు 431, 432 కనిపించలేదు. రద్దు చేసినవైతే "రద్దు" అని గుర్తు పెట్టండి, రిటర్న్‌లో రద్దయిన బిల్లుల లెక్క కూడా అడుగుతారు.

జూలై నుంచి మాత్రం మొత్తం పద్దులోనే. ఆడిటర్ గారిని ఇంకా యాప్‌లో కలపలేదు, 13 లోపు కలిపితే ఆయన పని సగం తగ్గుతుంది. ఆయనకి ఏదైనా సందేహం వస్తే నేరుగా నాకే రాయమనండి.

శ్రీలత
పద్దు, విజయవాడ