రమ్య – కిరణ్ పెళ్లి: ప్రయాణం, బస, వేళలు (పెళ్లి అయ్యేదాకా ఈ పోస్టు ఇక్కడే పైన ఉంటుంది)

అందరికీ నమస్కారం. రమ్య అన్నయ్యను రాస్తున్నాను. గత వారం రోజుల్లో నాకు వచ్చిన ఫోన్లలో సగం ఒకే ప్రశ్న: "పెళ్లి గురువారమా, శుక్రవారమా?" అందుకే మొదట అదే చెబుతాను.

శుభలేఖలో "ఫిబ్రవరి 25 గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం 4.46 గంటలకు" అని ఉంది. అంటే క్యాలెండరు ప్రకారం 26వ తేదీ శుక్రవారం, తెల్లవారుజామున 4.46. సాయంత్రం 4.46 కాదు. శుక్రవారం పొద్దున రైలు దిగి, స్నానం చేసి తీరిగ్గా వచ్చేవారికి మిగిలేది భోజనం ఒక్కటే. దయచేసి 25 గురువారం మధ్యాహ్నానికల్లా తిరుపతిలో ఉండేలా చూసుకోండి.

ఇంకొక మాట, గుంటూరు వైపు నుంచి వచ్చే బావగారి బంధువులకు. మా వైపు రిసెప్షన్ పెళ్లికి ముందు రోజు రాత్రే జరుగుతుంది. తాళి కట్టకముందే ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టడమేమిటని కిరణ్ వాళ్ల అమ్మమ్మగారు నిశ్చితార్థం రోజే అడిగారు. చిత్తూరు జిల్లాలో ఇది మామూలేనండీ, కంగారు పడకండి. కానుకలు ఇచ్చి ఫొటో దిగాలనుకునేవారు గురువారం రాత్రే ఆ పని ముగించుకుంటే మంచిది. శుక్రవారం పొద్దున వేదిక మీద పురోహితుడి మాటే చెల్లుతుంది.

మండపం ఎక్కడ: కింద, తిరుపతిలోనే, తిరుచానూరు రోడ్డులో. కొండ మీద కాదు. "తిరుపతిలో పెళ్లి" అనగానే చాలామంది తిరుమల అనుకుంటారు. మా అక్క పెళ్లికి ఒక మామయ్య నేరుగా కొండెక్కేసి, అక్కడి నుంచి "మండపం కనబడటం లేదురా" అని ఫోన్ చేశారు. ఆయన కిందికి వచ్చేసరికి అప్పగింతలు నడుస్తున్నాయి. ఆయన ఈ గ్రూపులోనే ఉన్నారు, పేరు చెప్పను. మండపం లొకేషన్ దీని కింది మెసేజ్‌లో ఉంది. ఆటో ఎక్కితే "తిరుచానూరు రోడ్డు" అని గట్టిగా చెప్పండి.

రైలు: ఫిబ్రవరి 24న బయలుదేరే రైళ్లకు రిజర్వేషన్ డిసెంబరు 26 ఉదయం తెరుస్తారు, అరవై రోజుల ముందు. ఆ రోజు మరచిపోతే తర్వాత వెయిటింగ్ లిస్టుతో తంటాలే. హైదరాబాద్, గుంటూరు వాళ్లకు నారాయణాద్రి అనుకూలం, రాత్రి పడుకుంటే పొద్దున్నే తిరుపతి. వరంగల్, విజయవాడ వాళ్లు పద్మావతి చూడండి. కడప మీదుగా చెన్నై వెళ్లే కొన్ని రైళ్లు తిరుపతికి రావు, రేణిగుంటలోనే ఆగుతాయి. టికెట్టు మీద రేణిగుంట అని ఉంటే బాధపడకండి, అక్కడి నుంచి పది కిలోమీటర్లే. ముందు చెబితే కారు పంపిస్తాం. విమానాశ్రయం కూడా రేణిగుంట దగ్గరే.

రోడ్డు మీద: చెన్నై నుంచి బస్సులో వచ్చేవాళ్లు మాధవరంలో ఎక్కాలి. తిరుత్తణి, పుత్తూరు మీదుగా సుమారు నాలుగు గంటలు. బెంగళూరు నుంచి కోలారు, పలమనేరు, చిత్తూరు దారిలో ఆరు గంటలు అనుకోండి. సొంత కార్లు పెట్టుకోవడానికి మండపం వెనక ఖాళీ స్థలం ఉంది, ముప్పై బండ్లు పడతాయి. కాపలా మనిషిని పెట్టాం.

బస: మండపం పైన పద్నాలుగు గదులున్నాయి. అవి పెద్దవాళ్లకు, చంటిపిల్లల తల్లులకు. మోకాళ్ల నొప్పులున్నవారికి మొదటి అంతస్తే ఇస్తాం. మిగిలిన అందరికీ రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జిలో ఇరవై రెండు గదులు తీసుకున్నాం. ఒక్కో గదికి ముగ్గురు, పిల్లలుంటే నలుగురు. 25 ఉదయం 6 నుంచి 26 సాయంత్రం 6 దాకా గదులు మనవే. ఆ తర్వాత ఉండదలచినవారు అద్దె సొంతంగా ఇచ్చుకోవాలి, చెబితే నేను మాట్లాడి పెడతాను. గది ఇవ్వాలంటే ప్రతి ఒక్కరి ఆధార్ అడుగుతారు, మరచిపోకండి.

ఆ లాడ్జిలో వేడినీళ్లు రోజూ నాలుగు గంటలకు వదులుతారు. మన ముహూర్తానికి అది చాలదు. మేనేజరుతో మాట్లాడి ఆ ఒక్క రాత్రి రెండింటికే వదిలేలా ఒప్పించాను. అయినా అందరూ ఒకేసారి తిప్పితే మూడో అంతస్తుకు చన్నీళ్లే వస్తాయి, నేను స్వయంగా వెళ్లి తిప్పి చూశాను. మూడో అంతస్తు వాళ్లు రెండున్నరకే స్నానాలు కానిచ్చుకోండి.

గురువారం 25
సాయంత్రం 4 – కాఫీ, మైసూర్ బజ్జీ
సాయంత్రం 6 – ఎదురుకోలు
రాత్రి 7 నుంచి – రిసెప్షన్, భోజనాలు 7.30 నుంచి 10.30 దాకా

శుక్రవారం 26
తెల్లవారుజామున 3 – మండపంలో కాఫీ, పాలు
4.46 – ముహూర్తం
6 నుంచి 8.30 – టిఫిను
10.30 నుంచి 1 – భోజనం
మధ్యాహ్నం 3కు మండపం ఖాళీ చేసి ఇవ్వాలి. సాయంత్రం ఇంకొక పెళ్లి వాళ్లు దిగుతారు.

లాడ్జి నుంచి మండపానికి మినీ బస్సు శుక్రవారం తెల్లవారుజామున 3.00కు, 3.30కు, 4.00కు. నాలుగు గంటల బస్సే ఆఖరిది, ఎవరి కోసమూ ఆగదు. పట్టుచీర కుచ్చిళ్లు బస్సులో సర్దుకోవచ్చు, జీలకర్ర బెల్లం మాత్రం మళ్లీ పెట్టించలేం.

కొండకు వెళ్లాలనుకునేవారికి: ఫిబ్రవరి నెల 300 రూపాయల దర్శనం టికెట్లు నవంబరులోనే వదిలారు. అప్పుడు తీసుకున్నవారు అదృష్టవంతులు. లేనివారు సర్వదర్శనం టోకెన్ల కోసం విష్ణునివాసం, శ్రీనివాసం, అలిపిరి దగ్గరి భూదేవి కాంప్లెక్సులో ప్రయత్నించవచ్చు. దొరికిన వేళ మన చేతిలో ఉండదు కాబట్టి 27వ తేదీకి పెట్టుకోండి. పెళ్లికి ముందు క్యూలో ఇరుక్కుంటే మేమెవరమూ బయటికి తీసుకురాలేం. మగవాళ్లకు పంచె గానీ, పైజమా కుర్తా గానీ. ఆడవాళ్లకు చీర, లంగావోణి లేదా చున్నీతో చుడీదార్. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు, సిగరెట్లు అలిపిరిలోనే ఆపేస్తారు. అర్ధరాత్రి దాటాక కొన్ని గంటలు ఘాట్ రోడ్డు మూసి ఉంటుంది. కొత్త జంట మాత్రం శుక్రవారం మధ్యాహ్నం తిరుచానూరు అమ్మవారి దర్శనానికి వెళుతుంది, కలిసి వచ్చేవారు 3 గంటలకు మండపం గేటు దగ్గర ఉండండి.

ఫిబ్రవరిలో పగలు ఎండ బాగానే ఉంటుంది, తెల్లవారుజామున చలి. పిల్లలకు స్వెటరు, పెద్దలకు శాలువా తెచ్చుకోండి.

ఇక మీ వంతు. జనవరి 20లోగా గ్రూపులో ఒక్క వాక్యం రాయండి, ఇలా: "నరసరావుపేట పెద్దమ్మ, నలుగురం, నారాయణాద్రి, 25 పొద్దున తిరుపతి, గది కావాలి, ఒకరికి కింది అంతస్తు." బొటనవేలు గుర్తు ఒక్కటే పెడితే వస్తున్నారో, చదివారో నాకు తెలియదు. రైలు మారినా, మనుషులు పెరిగినా మళ్లీ రాయండి, వంటవాళ్లకు నేను ఫిబ్రవరి 18న లెక్క చెప్పాలి.

గదుల సంగతి నాతో, బండ్ల సంగతి మా చిన్నాన్నతో, కొండ సంగతి రెండో మేనమామతో మాట్లాడండి. ముగ్గురి నంబర్లూ గ్రూపులోనే ఉన్నాయి. రమ్యకు మాత్రం ఫోన్ చేయకండి. అది ఇప్పటికే ఆరుగురికి ఆరు రకాల సమాధానాలు చెప్పింది.