పంట కాలువ గండిపై నివేదిక: ఘటన జరిగిన వారం తర్వాత రాయడానికి కారణాలు

తేదీ: 14-08-2025
స్థలం: అమలాపురం

డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు గారికి,

విషయం: 07-08-2025 రాత్రి మా సెక్షన్ పంట కాలువ ఎడమ గట్టుకు కి.మీ. 7.350 వద్ద పడిన గండి.

ఆర్యా,

గండి పడింది 7వ తేదీ రాత్రి, ఈ నివేదిక రాస్తున్నది 14న. వెనకటి తేదీ ఎక్కడా వేయలేదు. ఏది అప్పటికప్పుడు రాసుకున్నదో, ఏది తర్వాత అడిగి తెలుసుకున్నదో కింద విడివిడిగా చూపుతున్నాను.

లస్కర్ నాకు ఫోన్ చేసింది రాత్రి 11.42కు, నేను తమకు చెప్పింది 11.50కి. ఈ రెండు సమయాలూ నా ఫోన్‌లోని కాల్ జాబితా నుంచి తీసుకున్నవి. ఎగువ లాకు తలుపులు దించినట్టు లాకు రిజిస్టర్‌లో ఆ రాత్రే రాసిన సమయం 12.35. గట్టు తెగిన సమయం మాత్రం ఎక్కడా నమోదు కాలేదు. లస్కర్ చేరేసరికే నీళ్లు చేలలోకి పోతున్నాయి కాబట్టి 11.42కు ముందే తెగిందని మాత్రమే చెప్పగలను.

తూము పక్క నుంచి నీరు ఊరడం చీకటి పడే వేళకే చూశానని ఒక రైతు చెప్పారు. ఆయనను నేను అడిగింది 13న. అప్పుడు నీరు తేటగా ఉందా, మట్టిరంగులో ఉందా అంటే గుర్తు లేదన్నారు. ఇది కీలకమైన విషయం. తేట నీరైతే ఊట, మట్టి నీరైతే గట్టు లోపల మన్ను కొట్టుకుపోతున్నట్టు. అందువల్ల ఆయన మాటను ఉన్నది ఉన్నట్టు రాశాను, దానిపై నా ఊహ కలపలేదు.

గండి వెడల్పుకు రెండు లెక్కలు ఉన్నాయి. రాత్రి లస్కర్ టార్చి వెలుగులో అంచనా వేసింది 20 అడుగులు. 8వ తేదీ ఉదయం 6.20కి నేను టేపుతో కొలిచింది 8.6 మీటర్లు, అంటే సుమారు 28 అడుగులు. తలుపులు దించాక కూడా కాలువలో మిగిలిన నీరు పోతూ గండి రెండు కొసలనూ కోసింది కాబట్టి రెండూ నిజం కావచ్చు. అంచనాలో టేపు కొలతనే తీసుకోవాలని నా అభిప్రాయం.

ఆలస్యానికి కారణాలు. 8 నుంచి 10 సాయంత్రం వరకు సిబ్బంది అందరం గట్టు మీదే ఉన్నాం. రెండో శనివారం, ఆదివారం కూడా పని ఆగలేదు. సరుగుడు బాదులు రెండు వరసలు దిగ్గొట్టి, మధ్య తడికలు కట్టి, 1,400 ఇసుక బస్తాలు వేసి, ముందువైపు నల్లమన్ను తొక్కించి రింగుబండ్ కట్టాం. సార్వా నాట్లు పడి ఉన్నాయి, దిగువ చేలకు నీరు ఆపి ఉంచలేం. రాతకన్నా ఆ పని ముందు చేయాల్సి వచ్చింది. చేలలో నీరు మురుగు కాలువలోకి దిగడానికి మరో రెండు రోజులు పట్టింది. అది దిగితే తప్ప గట్టు అడుగు లెవెల్ తీయలేం. లెవెల్స్ తీసింది 12 ఉదయం.

12 మధ్యాహ్నం నుంచి జరిగిన ఆలస్యానికి ఈ కారణాలు వర్తించవు. కొలతలన్నీ కలిపి ఒకేసారి పంపాలని ఆగాను. ఫోన్‌లోనూ వాట్సాప్‌లోనూ తమకు సమాచారం ఇచ్చినా, 8వ తేదీనే ఒక పేజీ ప్రాథమిక నివేదిక పంపి ఉండాల్సింది.

ఫీల్డ్ బుక్ 22 నుంచి 24 పేజీలు వానకు తడిసి సిరా పాకింది. చదవగలిగిన అంకెలనే తీసుకున్నాను. ఆ పేజీలను తిరగరాయలేదు, చింపలేదు, పుస్తకం అలాగే జతచేస్తున్నాను. 8 ఉదయం తీసిన 14 ఫొటోల అసలు ఫైళ్లు ఫోన్‌లో ఉన్నాయి, సమయాలు వాటిలోనే కనిపిస్తాయి. మెజర్‌మెంట్ బుక్‌లో 13న రాసిన కొలతలకు 13వ తేదీనే వేసి, పక్కన కొలిచిన రోజు చూపాను.

గండికి కారణం తూము గొట్టం వెంబడి నీరు దారి చేసుకోవడమేనని నేను భావిస్తున్నాను. గొట్టం చుట్టూ, ముఖ్యంగా దాని అడుగున, మన్ను గట్టిగా దిమ్మిస చేయకపోతే అక్కడ సందు మిగులుతుంది. కాలువ నిండుగా పారినప్పుడు నీరు ఆ సందులోంచి మన్నును తోడేస్తుంది. తెగిన చోట గొట్టం ఒక ముక్క బయటపడి ఉంది, ఫొటో 9లో కనిపిస్తుంది. అయితే చుట్టూ ఉన్న మన్ను కొట్టుకుపోయింది కాబట్టి ఎండ్రకాయ కన్నాలు కూడా తోడై ఉండవచ్చన్న అవకాశాన్ని కాదనలేను.

మునిగిన విస్తీర్ణం 46 ఎకరాలని రైతులు చెప్పినది, నేను కొలిచింది కాదు. నీరు తీసిన తర్వాత గానీ ఏ మొక్క కుళ్లిందో, ఏది తేరుకుంటుందో తెలియదు. వ్యవసాయ సిబ్బందితో కలిసి చేను చేనుకూ చూడటానికి అనుమతి కోరుతున్నాను. నివేదిక ఆలస్యమైంది మా వైపు నుంచి. నష్టం నమోదులో ఆ వారం రోజులను రైతుల దరఖాస్తు ఆలస్యంగా లెక్కించవద్దని మనవి.

ఇట్లు,
అసిస్టెంట్ ఇంజినీరు